కాగితం మడతలూ, మా బావ లాగరిథమ్స్ క్లాసూ

log(a + b) ని log a + log b అని రాసేవాళ్ళని మీరు చూసే ఉంటారు. చూడ్డం ఎందుకు, మనలో సగం మందిమి ఇంటర్ మొదటి సంవత్సరంలో అలా రాసి సున్నా మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే. నేనైతే ఆ తరవాత పదిహేనేళ్ళు ఉద్యోగంలో "ఈ సెర్చ్ లాగ్ ఎన్ లో అయిపోతుంది" అని మీటింగుల్లో దర్జాగా చెబుతూ వచ్చాను గానీ, ఆ లాగ్ అనేది అసలు దేని లెక్క అని ఎవరైనా నిలదీస్తే తడబడేవాణ్ణి.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఆ నిలదీసే మనిషి దొరికాడు. మా బావ. పలాసకీ సముద్రానికీ మధ్య ఉద్దానంలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల మాస్టారు. తొమ్మిదో తరగతికి ఘాతాంకాలు మళ్ళీ ఒకసారి చెప్పి, దాంతోపాటే సంవర్గమానాలు కూడా అంటించేద్దామని ఆయన ఉద్దేశం. "ఒరే, కాగితం మడతపెట్టే ఆట ఒకటి ఉంది కదా, దాంతో నాలుగు పీరియడ్లకి పాఠం ప్లాన్ రాద్దాం, కూర్చో" అన్నాడు. అరిసెలు తింటూ కూర్చున్నాం. సెలవులయ్యాక ఆయన ఆ పాఠం చెప్పాడు, నేను రెండు రోజులు సెలవు పొడిగించుకుని వెనక బెంచీలో కూర్చుని చూశాను.

ముందు ఒక మాట. సంవర్గమానాలు తొమ్మిదిలో ఎందుకు అని అడగొచ్చు. 2014లో వచ్చిన పదో తరగతి పుస్తకంలో వాస్తవ సంఖ్యల పాఠంలోనే ఇవి ఉండేవి. 2024-25 నుంచి ఆంధ్రాలో పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాయి, అందులో ఇవి లేవు. అంటే పిల్లాడు ఇంటర్ కెమిస్ట్రీలో పీహెచ్ లెక్క దగ్గర లాగ్ ని మొదటిసారి చూస్తాడన్నమాట, అదీ ఒక సూత్రంలాగా. నా మటుకు నాకు ఇది తప్పనిపిస్తుంది. ఘాతాంకం చెప్పిన వారంలోనే దాని వెనక్కి నడక కూడా చెప్పెయ్యాలి. కూడిక చెప్పి, మూడేళ్ళు ఆగి తీసివేత చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు కదా.

సరే, అసలు ఆట. ఇద్దరిద్దరు పిల్లలకి ఒక పూర్తి న్యూస్‌పేపర్ షీటు, ఒక ఏ4 కాగితం. నోటుబుక్కులో రెండు గడులు: ఎన్ని మడతలు, ఎన్ని పొరలు. మొదటి వరస మడత పెట్టకముందే రాయించాలి, మడతలు 0, పొరలు 1. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ 2⁰ = 1 ఎందుకు అన్న గొడవ ఇక్కడే తీరిపోతుంది. మడత పెట్టని కాగితం ఒక కాగితమే, సున్నా కాగితాలు కాదు.

ఒకటి మడిచారు, 2. రెండు మడిచారు, 4. మూడోది మడవకముందు ఎన్ని పొరలొస్తాయో రాయమన్నాడు బావ. క్లాసులో మూడోవంతు మంది 6 అని రాశారు. 2, 4 తరవాత 6 అనుకోవడం సహజమే. ఇక్కడ టీచరు నోరు మూసుకుని ఉండటం ముఖ్యం. మడిచి, మళ్ళీ విప్పి, గీతల మధ్య గడులు లెక్కపెట్టమన్నాడు. 8 వచ్చాయి. అంచు దగ్గర పొరలు లెక్కపెట్టమంటే మూడు నాలుగు మడతలకే వేళ్ళు తడబడతాయి. విప్పి గడులు లెక్కపెట్టడమే నమ్మకం. ఒక గుంటడు మాత్రం గడులకి బదులు గీతలు లెక్కపెట్టి 7 అన్నాడు. ఇది ప్రతి క్లాసులోనూ ఎవరో ఒకరు చేస్తారు, కనిపెట్టడం కూడా తేలికే. జవాబు ప్రతిసారీ ఒకటి తక్కువ వస్తుంది.

అసలు కీలకం దీని తరవాత ఉంది. జంటలో ఒకరు మూడు మడతలు పెట్టి, ఆ కట్టని పక్కవాడికి ఇవ్వాలి. వాడు ఇంకో రెండు మడతలు పెట్టాలి. విప్పకుండా పొరలెన్నో ఇద్దరూ విడివిడిగా రాయాలి. మొదటివాడి దగ్గర 8, రెండోవాడి రెండు మడతలకి 4. ఎక్కువమంది 12 అని రాశారు. మళ్ళీ ఇక్కడ కూడా విప్పడమే, 32 గడులు. "ఏటి సార్, ముప్ఫైరెండా!" అని ఒక అమ్మాయి మళ్ళీ మొదట్నించి లెక్కపెట్టింది.

అప్పుడు బావ ఒక్క మాట అన్నాడు. ఎనిమిది పొరల కట్టని ఒక్క కాగితం అనుకోండి, దాన్ని రెండుసార్లు మడిస్తే నాలుగు కట్టలు, ఒక్కో కట్టలో ఎనిమిది. అంతే. మడతలు కూడాయి, పొరలు హెచ్చాయి. 2³ × 2² = 2⁵ అనేది బోర్డు మీద దీని తరవాతే రాశాడు. మనకి చిన్నప్పుడు ఈ సూత్రం రంగు చార్టు మీద ముందు వచ్చింది, అర్థం ఎప్పుడొచ్చిందో గుర్తు లేదు.

భాగహారానికి విప్పడమే. 5 మడతల కట్టని 2 మడతలు విప్పితే 3 మడతలు మిగిలాయి, 32 / 4 = 8. రుణ ఘాతాంకానికి మాత్రం మేమిద్దరం కాస్త వాదించుకున్నాం. పుస్తకాల్లో ఒక గడి వైశాల్యం సగం సగం అవుతుంది కాబట్టి 2⁻¹, 2⁻² అని చెబుతారు. అది తప్పు కాదు గానీ, అప్పటిదాకా పొరలు లెక్కపెడుతున్న పిల్లాడిని ఉన్నట్టుండి వైశాల్యంలోకి లాగడం నాకు నచ్చలేదు. దానికి బదులు ఇలా చేశాం. మూడు మడతలున్న కట్టని చేతిలో పట్టుకుని "ఇప్పుడున్న మందాన్ని 1 అనుకోండి, ఇక్కణ్ణించి లెక్క" అనడం. ఇంకోటి మడిస్తే 2. ఒకటి విప్పితే సగం, అంటే మైనస్ ఒకటి మడత. రెండు విప్పితే పావు. మైనస్ నాలుగు మడతలు విప్పండి అంటే కుదరదు, కాగితం అయిపోయింది. కానీ అప్పటికి పిల్లలు "కాగితం అయిపోయింది గానీ లెక్క అయిపోలేదు, పదహారో వంతు" అనగలిగారు.

ఘాతానికి ఘాతం కోసం మూడు మడతల్ని ఒక విడత అనుకోమన్నాడు. రెండు విడతలు అంటే 8 × 8 = 64, మడతలు 6. (2³)² = 2⁶. ఇక్కడ 2⁹ అని రాసేవాళ్ళుంటారు. వాళ్ళ చేత తొమ్మిది మడతలు పెట్టమనడమే మందు, ఎందుకంటే పెట్టలేరు.

రెండో పీరియడు ఈ పెట్టలేకపోవడం గురించే. ఏడో మడత దగ్గర అందరూ ఆగిపోతారు. "కాగితం గట్టిది సార్" అంటారు. కాదు. ఐదువందల ఏ4 కాగితాల బండిల్ మందం సుమారు 5 సెంటీమీటర్లు, అంటే ఒక్కోటి 0.1 మిల్లీమీటర్. ఇది స్కేలుతో వాళ్ళే కొలిచారు. ఒకే దిశలో మడుస్తూ పోతే ప్రతి మడత వంపు దగ్గర కొంత కాగితం తినేస్తుంది. మడత పెరిగేకొద్దీ వంపు తిరగాల్సిన పొరలు రెట్టింపు, ఆ కట్ట మందమూ రెట్టింపు. రెండు రెళ్ళు నాలుగు కాబట్టి ఒక్కో కొత్త మడతకి కావలసిన కాగితం పొడవు దాదాపు నాలుగింతలవుతుంది. అమెరికాలో బ్రిట్నీ గాలివాన్ అనే హైస్కూల్ అమ్మాయి దీనికి సూత్రమే రాసి, 2002లో సుమారు 1.2 కిలోమీటర్ల పొడవున్న టాయిలెట్ పేపర్ చుట్టని 12 సార్లు మడిచి చూపించింది. సూత్రం ఇది, t మందం, n మడతలు:

```
L = (π t / 6) (2^n + 4) (2^n − 1)
```

మన ఏ4 కాగితానికి వేసి చూడండి. ఆరు మడతలకి 68 × 63, అంటే సుమారు 224 మిల్లీమీటర్లు చాలు. ఏ4 పొడవు 297, కాబట్టి ఆరు పడతాయి. ఏడుకి 132 × 127, అంటే దాదాపు 878 మిల్లీమీటర్లు. మన దగ్గర అందులో మూడోవంతే ఉంది. పిల్లలకి సూత్రం చెప్పలేదు, 224, 878 అన్న రెండు అంకెలే బోర్డు మీద వేశాడు. "నాలుగింతలయ్యింది సార్" అని వాళ్ళే పట్టుకున్నారు. అడ్డంగా నిలువుగా మార్చి మారుస్తూ మడిస్తే లెక్క వేరు, అది ఈ క్లాసుకి అక్కర్లేదని వదిలేశాం.

చేతితో కుదరనిది నోటుబుక్కులో కుదురుతుంది. 14 మడతలకి 1.64 మీటర్లు, సుమారుగా మా బావ ఎత్తు. 17 కి 13 మీటర్లు, ఒక మంచి కొబ్బరిచెట్టు. ఇది చంద్రుడి దాకా లాగే కథ అందరూ చెబుతారు, ఉద్దానం పిల్లలకి చంద్రుడెందుకు, కిటికీలోంచి మహేంద్రగిరి కనిపిస్తుంటే. దాని ఎత్తు 1501 మీటర్లు. 23 మడతలకి 839 మీటర్లు, అంటే కొండ సగం దాటాం. 24 కి 1678, కొండ దాటిపోయాం. పలాస నుంచి టెక్కలికి పాతిక ముప్ఫై కిలోమీటర్లు కదా, 28 మడతలకి 26.8 కిలోమీటర్లు. కాగితాన్ని పడుకోబెడితే టెక్కలి చేరినట్టే. "కొండకి ఇరవైనాలుగు, టెక్కలికి నాలుగే ఎక్కువా?" అన్నది ఒక పిల్ల. నాకు తెలిసి క్లాసంతటిలో అదే మంచి ప్రశ్న. లాగరిథమ్ అనే ఆలోచన ఆ ప్రశ్నలోనే ఉంది.

మూడో పీరియడు దాన్నే పట్టుకుని మొదలు. ఇప్పటిదాకా మడతలు చెబితే పొరలు చెప్పారు. ఇప్పుడు పొరలు చెబితే మడతలు చెప్పాలి. log అన్న మాట ఎత్తొద్దు అని నేను గట్టిగా పట్టుబట్టాను. మ(32) అంటే 32 పొరలకి కావలసిన మడతలు. మ(32) = 5, మ(1) = 0. మ(0)? ఎన్ని మడిచినా, ఎన్ని విప్పినా కాగితం మాయం కాదు, కాబట్టి అలాంటి సంఖ్య లేదు. కాలిక్యులేటర్ అక్కడ ఎర్రర్ ఎందుకు చూపిస్తుందో ఇక్కడే తెలిసిపోయింది.

మొదటి రోజు చేసిన పనులే మళ్ళీ చదివితే నియమాలన్నీ వచ్చేస్తాయి. ఒకడు 8 పొరలు చేశాడు, పక్కవాడు 4 రెట్లు చేశాడు, మొత్తం మడతలు 3 + 2. మ(8 × 4) = మ(8) + మ(4). విప్పితే తీసివేత. 8 పొరల విడతలు రెండు అయితే మ(8²) = 2 × మ(8). కొత్తగా ఏమీ చెప్పలేదు, పాత వాక్యాన్ని అటునుంచి చదివారు, అంతే.

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఆ తప్పు. మ(8 + 4) ఎంత? మూడూ రెండూ కలిపి 5 అన్నవాడికి ఎదురు ప్రశ్న, అయిదు మడతలకి ఎన్ని పొరలు? 32. మరి 12 ఎక్కడ? 3 మడతలకి 8, 4 మడతలకి 16, పన్నెండు మధ్యలో ఎక్కడో ఉంది. క్లాసు అక్కడే కాసేపు ఇరుక్కుంది, ఇరుక్కోనివ్వాలి కూడా. 12 పొరలు చెయ్యడం కుదరదా అంటే కుదురుతుంది, ఉత్తరం మడిచినట్టు ఒకసారి మూడుగా మడిచి, తరవాత రెండుసార్లు సగానికి మడిస్తే 3 × 4 = 12. కాబట్టి మ(12) = మ(3) + 2. ఇక మిగిలింది ఒక మూడు మడత ఎన్ని సగం మడతలకి సమానం అన్నది.

దీన్ని కాలిక్యులేటర్ లేకుండా రాబట్టడం నాకు పాఠమంతటిలోనూ ఇష్టమైన భాగం. రెండు మూడు మడతలకి 9 పొరలు, మూడు సగం మడతలకి 8. తొమ్మిది పెద్దది, కాబట్టి రెండు మూడు మడతలు 3 కంటే ఎక్కువ, ఒకటి 1.5 కంటే ఎక్కువ. అయిదు మూడు మడతలకి 243, ఎనిమిది సగం మడతలకి 256. కాబట్టి ఒకటి 1.6 కంటే తక్కువ. అంటే మ(3) 1.5 కీ 1.6 కీ మధ్య, మ(12) 3.5 కీ 3.6 కీ మధ్య. అసలు విలువ 3.585. ఒక కుర్రాడు పన్నెండు మూడు మడతల దాకా హెచ్చవేసుకుంటూ పోయాడు, 531441. పందొమ్మిది సగం మడతలకి 524288. అంటే 19/12 కి కాస్త పైన, 1.583. తొమ్మిదో తరగతి పిల్లాడు పెన్నుతో ఇంత దగ్గరికి వచ్చాడు.

దీని తరవాతే log₂ 12 అని రాసి, భూమి అంటే మడత రకం అని చెప్పాడు బావ. భూమి మార్చే సూత్రం కూడా పనిలో పనిగా వచ్చేసింది. రెండు సగం మడతల్ని కలిపి ఒక పెద్ద మడత అనుకుంటే అది భూమి 4. 64 పొరలకి సగం మడతలు 6, పెద్ద మడతలు 6 / 2 = 3. 8 పొరలకి పెద్ద మడతలు ఒకటిన్నర. అరమడత అంటే ఏమిటో వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు, పెద్ద మడతలో సగం పనే.

నాలుగో పీరియడు దగ్గర మా ఇద్దరికీ పేచీ వచ్చింది. ఉద్దానంలో క్రియాటినిన్ అన్న మాట తెలియని ఇల్లు తక్కువ. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయంటే ఆ జబ్బు ఎంతుందో మీరే అనుకోండి. ఇళ్ళలో వినిపించే మాట, "ఒకటుండేది, రెండయ్యింది, ఒక్క పాయింటే కదా పెరిగింది". నేనన్నది, పిల్లలకి రెట్టింపుల లెక్క చేతికొచ్చింది కదా, ఈ లెక్క ఎందుకు చెప్పకూడదు అని.

డాక్టర్లు క్రియాటినిన్ నుంచి కిడ్నీ వడపోతని అంచనా వేసే 2021 నాటి సీకేడీ-ఈపీఐ సూత్రంలో, ఒక హద్దు దాటాక, క్రియాటినిన్ మీద ఘాతాంకం -1.2. అంటే క్రియాటినిన్ రెట్టింపైన ప్రతిసారీ వడపోత 2⁻¹·² వంతుకి పడుతుంది, అది 0.435, సగం కంటే కాస్త తక్కువ. నలభై ఏళ్ళ మగమనిషికి లెక్కవేస్తే, క్రియాటినిన్ 1 ఉంటే వడపోత నిమిషానికి సుమారు 98 మిల్లీలీటర్లు, 2 ఉంటే 42, 4 ఉంటే 18, 8 ఉంటే 8. 15 కంటే తగ్గితే అయిదో దశ అంటారు. ఇప్పుడు ఆ "ఒక్క పాయింటు" చూడండి. 1 నుంచి 2 కి పోయింది 56. అదే 6 నుంచి 7 కి, 11 నుంచి 9 కి, పోయింది రెండు. చివర్లో పోవడానికి ఏమీ మిగల్లేదు గనక. కాబట్టి భయపడాల్సిన పాయింటు మొదటిది, మనవాళ్ళు పట్టించుకోనిదీ అదే.

"అది నాకూ తెలుసురా" అన్నాడు బావ. "మూడో బెంచీలో ఉన్న పిల్ల వాళ్ళ నాన్నకి వారానికి రెండుసార్లు డయాలసిస్. నువ్వు బోర్డు మీద ఎనిమిది కింద ఎనిమిది అని రాస్తే, ఆ పిల్ల అక్కడ చదివేది లెక్క కాదు."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఒక సూత్రం ఇచ్చే అంచనా కండబలాన్నిబట్టీ, ఆ రోజు ఒంట్లో నీటినిబట్టీ మారుతుందని, ఒక్క రిపోర్టుతో తేల్చరని పిల్లలకి చెప్పొచ్చు. చెప్పినా ఆయన అన్నది నిజమే. నా వైపు వాదన కూడా పూర్తిగా వదులుకోలేదు. ఈ లెక్క అవసరమైన ఊళ్ళోనే ఇది చెప్పకూడదంటే ఎలా? బెంగళూరులో పిల్లలకి చెబితే అది జనరల్ నాలెడ్జి.

చివరికి కుదిరింది ఇది. నాలుగో పీరియడులో క్రియాటినిన్ పేరు లేదు. "ఒక ట్యాంకులోంచి వచ్చే నీళ్ళు, కొలత రెట్టింపైన ప్రతిసారీ సగమవుతాయి. మొదట్లో 100. కొలత 1 నుంచి 2 కి వెళితే ఎంత పోయింది? 6 నుంచి 7 కి వెళితే ఎంత పోయింది?" అని లెక్క ఇచ్చాడు. -1.2 కి బదులు -1 అన్నమాట, పిల్లలు వెయ్యగలిగే లెక్క. 50 పోయింది, రెండోదానికి 16.7 నుంచి 14.3, అంటే 2.4 పోయింది. అసలు సంగతి తల్లిదండ్రుల మీటింగులో, పెద్దవాళ్ళకి, కాగితం మడిచి చూపిస్తూ తనే చెబుతానన్నాడు. నాకిది సగం ఓటమిలాగే ఉంది, కానీ ఆ పిల్లల మొహాలు రోజూ చూసేది ఆయన, నేను కాదు.

ఎవరైనా తమ ఊరి స్కూల్లో ఇది చేయించాలనుకుంటే ఒక్క జాగ్రత్త. మూడుగా మడవడం పిల్లలకి మనమనుకున్నంత తేలిక కాదు, మొదటి సగం పెద్దదై చివరిది చిన్నదై, విప్పాక గడులు కలవవు. మాకు పావుగంట దానికే పోయింది. ఈసారి ఏ4 పొడవు మీద 99, 198 మిల్లీమీటర్ల దగ్గర ముందే పెన్సిల్ గీతలు గీసి ఇస్తానని బావ అన్నాడు. న్యూస్‌పేపర్లు మాత్రం ఊళ్ళో టీ కొట్టువాడి దగ్గర పాతవి కిలో లెక్కన దొరికాయి.